శుక్రవారం లోపు అంటే ఎప్పుడు?

నా బల్ల మీదికి వచ్చిన ఆ ప్రకటనలో అచ్చుతప్పు ఒక్కటీ లేదు. కూచిపూడి నేర్పే ఒక టీచరుగారు మా పత్రికలో వేయమని పంపించారు. మూడే వాక్యాలు. "జూన్ 15 వరకు ఆఫీసు ఉండదు. ఫీజు శుక్రవారం లోపు కట్టాలి. జూలై నుంచి సీనియర్లకు బైవీక్లీ క్లాసులు." ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పేజీలు పెట్టే కుర్రాడు "పంపించేయనా మాస్టారూ?" అంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. కాసేపు ఆగమన్నాను. మూడు వాక్యాల్లో మూడు చోట్ల నా పెన్సిలు ఆగిపోయింది.

పదిహేనో తారీకు సోమవారం. ఆ రోజు వెళితే ఆఫీసు తెరిచి ఉంటుందా? శుక్రవారం పొద్దున డబ్బు పట్టుకెళితే తీసుకుంటారా, గడువు నిన్నటితో సరి అంటారా? సీనియర్ పిల్లలు వారానికి రెండుసార్లు రావాలా, రెండు వారాలకోసారి వస్తే చాలా? చదివినప్పుడు మూడింటికీ జవాబు నాకు తెలిసినట్టే తోచింది. కానీ ఆ జవాబులు కాగితం మీద ఎక్కడా లేవు. వాటిని నేనే అనుకున్నాను.

ముందు బైవీక్లీ సంగతి చూద్దాం. 'బై' అనే ముక్క లాటిన్ నుంచి వచ్చింది, రెండు అని అర్థం. అయితే వేటిని రెండు చేయాలో అది చెప్పదు. వారాలను రెండు చేస్తే రెండు వారాలకోసారి అవుతుంది. వారంలో వచ్చే సార్లను రెండు చేస్తే వారానికి రెండుసార్లు అవుతుంది. ఇంగ్లిష్ నిఘంటువులు ఈ రెండు అర్థాలనూ ఇస్తాయి. అందువల్ల నిఘంటువు తిరగేసినా తగువు తీరదు.

మనవాళ్లకు ఈ మాట రెండు వైపుల నుంచీ తగులుతుంది. మన రైల్వేలో బైవీక్లీ ఎక్స్‌ప్రెస్ అంటే వారంలో రెండు రోజులు నడిచే బండి. ఆ అర్థం మనకు స్టేషన్లలోనే అలవాటైపోయింది. అదే అమెరికాలో ఉద్యోగంలో చేరిన మన పిల్లలకు జీతం బైవీక్లీ ఇస్తామంటే, రెండు వారాలకోసారి అని. మామూలుగా ఏడాదికి 26 జీతాలు వస్తాయి. నెలకు రెండుసార్లు ఇచ్చే జీతానికి అక్కడ సెమీ మంత్లీ అని వేరే పేరుంది, అవి ఏడాదికి 24. తండ్రి రైలు అర్థంలోనూ కొడుకు జీతం అర్థంలోనూ ఒకే మాట వాడుతుంటే, ఇద్దరిలో ఎవరిదీ తప్పనలేం.

డాన్సు క్లాసు దగ్గర ఈ తేడా ఎంతో లెక్క వేసి చూశాను. వారానికి రెండుసార్లయితే ఏడాదికి 104 క్లాసులు. రెండు వారాలకోసారి అయితే 26. ఒక అర్థానికీ ఇంకో అర్థానికీ మధ్య నాలుగు రెట్ల తేడా ఉంది. ఫీజు సమంజసమా కాదా అని తల్లిదండ్రులు ఆలోచించేది ఈ అంకెను బట్టే. ఏ రోజుల్లో పిల్లను ట్యూషన్ మాన్పించాలో తేల్చుకునేది కూడా దీన్ని బట్టే.

నిజానికి తెలుగులో ఈ ఇబ్బంది రానక్కర్లేదు. పక్షపత్రిక అంటే పదిహేను రోజులకోసారి వచ్చేదని అందరికీ తెలుసు. రిజర్వ్ బ్యాంకు 2014 ఏప్రిల్ నుంచి పరపతి విధానాన్ని రెండు నెలలకోసారి ప్రకటించడం మొదలుపెట్టింది. ఇంగ్లిష్‌లో దాన్ని బై మంత్లీ అన్నారు. బై మంత్లీకి కూడా బైవీక్లీకున్న తిప్పలే ఉన్నాయి. తెలుగులో ద్వైమాసిక సమీక్ష అనేసరికి సందేహం పోయింది. కాబట్టి రాసినవారి ఉద్దేశం తెలిస్తే మంచి తెలుగు మాట పెట్టడం నిమిషం పని. ఆ ఉద్దేశం తెలియకుండా 'వారానికి రెండుసార్లు' అని పెట్టేస్తే, రెండు అర్థాల మాటను తీసేసి తప్పు అర్థం పెట్టినట్టవుతుంది. ఆ తప్పు ఇక ఎవరికీ కనబడదు కూడా.

ఈ చివరి మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. ఇరవై ఏళ్ల కిందట ఒక చిన్న పత్రికలో ప్రూఫులు చూసేవాణ్ని. కథల పోటీ ప్రకటన వచ్చింది. "కథలు శుక్రవారం లోపు మా కార్యాలయానికి అందాలి" అని రాసి ఉంది. 'లోపు' అంటే శుక్రవారం కలిసిందో లేదో పాఠకుడికి తెలియదే అనిపించి, "శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోగా" అని దిద్దేశాను. వాక్యం నిగనిగలాడింది. ఎడిటర్‌గారికి చెప్పాలని తోచలేదు. మార్జిన్‌లో గుర్తు కూడా పెట్టలేదు, తిన్నగా కంపోజింగ్‌కు పంపించాను.

ఆయన ఉద్దేశం వేరు. శుక్రవారం పొద్దున పది గంటలకు కథల కట్ట న్యాయనిర్ణేత ఊరికి బయల్దేరాలి. అంటే గురువారం సాయంత్రానికే కథలన్నీ చేతిలో ఉండాలి. 'శుక్రవారం లోపు' అని ఆయన రాసింది 'శుక్రవారం రాకముందే' అనే అర్థంలో. కట్ట బయల్దేరిన తరవాత, శుక్రవారం మధ్యాహ్నం టపాలో పద్నాలుగు కవర్లు వచ్చాయి. అచ్చులో సాయంత్రం 5 అని ఉంది కనక వాటిని తిప్పి పంపడానికి వీల్లేదు. మళ్లీ ఒక మనిషిని బస్సులో పంపించారు. ఫలితాల తేదీ వారం వెనక్కి జరిగింది. ఎడిటర్‌గారు నన్ను కోప్పడలేదు. "నన్నొక్క మాట అడగాల్సింది నాయనా" అన్నారంతే.

తరవాత చాలాసార్లు ఆలోచించాను. నేను చెయ్యి పెట్టకుండా 'లోపు' అనే వదిలేసి ఉంటే ఏమయ్యేది? కొందరు ఫోన్ చేసి అడిగేవాళ్లు: "అయ్యా, శుక్రవారం తెచ్చిస్తే తీసుకుంటారా?" ఆఫీసులో ఎవరో ఒకరు సరైన జవాబు చెప్పేవాళ్లు. రెండో రోజుకల్లా ఎడిటర్‌గారికే విషయం తెలిసిపోయేది. మాట తికమకగా ఉన్నప్పుడు చదివినవాడికి కనీసం అనుమానం వస్తుంది. నేను అంకె వేసి గట్టిగా చెప్పేసరికి ఎవరికీ అనుమానం రాలేదు, ఎవరూ అడగలేదు. పద్నాలుగు మంది ఆ అంకెను నమ్మి టపాలో వేశారు.

గడువు చెప్పడానికి మనకు మాటలు తక్కువేం కాదు. శుక్రవారం లోపు, శుక్రవారం లోగా, శుక్రవారానికల్లా, శుక్రవారం నాటికి. ఒక్కొక్కరి చెవికి ఒక్కో రకంగా వినిపిస్తాయి. నా మటుకు 'కల్లా' అంటే శుక్రవారం పొద్దునకే పని అయిపోయి ఉండాలనిపిస్తుంది. మా ఆవిడకు శుక్రవారం రాత్రి దాకా టైముందనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో 'బై ఫ్రైడే' అంటే మామూలుగా శుక్రవారాన్ని కలుపుకునే అర్థం చేసుకుంటారు, కానీ ఆ రోజు ఏ గంట దాకా అన్నది అక్కడా తేలదు. ఆఫీసు మూసే వేళ దాకానా, అర్ధరాత్రి దాకానా? మనిషి చేతికి కాగితం ఇచ్చే రోజుల్లో ఆఫీసు వేళలే గడువు. ఇప్పుడు దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వెళుతున్నాయి కాబట్టి రాత్రి 11.59కి నొక్కేవాళ్లూ ఉంటారు. అందుకే రోజు కలుస్తుందా అని అడిగినచోటే గంట కూడా అడుగుతాను.

ఇక 'వరకు'. ఇంగ్లిష్‌లో టిల్, అంటిల్ అని రెండున్నాయి. రెండోదాన్ని కుదిస్తే మొదటిది వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి టిల్ పాతది, అంటిల్ దాని తరవాత వచ్చింది. అర్థంలో రెండింటికీ తేడా లేదు. ఒకదాని బదులు ఇంకోటి పెట్టినా ఎవరికీ నష్టం లేదు, తికమకా తీరదు. మన వరకు, దాకా కూడా అలాంటి జంటే. 'వరకూ' అనే దీర్ఘం తీసి 'వరకు' చేయడానికి నేను ఎవరినీ అడగను. అది పత్రిక పద్ధతికి సంబంధించిన సంగతి. చివరి రోజు కలుస్తుందా లేదా అన్నదే అడగాల్సింది.

ఇందులో నన్ను ఎప్పుడూ కట్టిపడేసే విషయం ఒకటుంది. 'వరకు' అర్థాన్ని చాలావరకు వెనక వచ్చే క్రియే తేలుస్తుంది. "అత్తయ్య శుక్రవారం వరకు ఉంటుంది" అంటే శుక్రవారం కూడా ఇంట్లోనే ఉంటుందని అనుకుంటాం. "అత్తయ్య శుక్రవారం వరకు రాదు" అంటే శుక్రవారం వస్తుందని అనుకుంటాం. మాట అదే, రోజూ అదే. మొదటి వాక్యంలో శుక్రవారం లోపలుంది, రెండో వాక్యంలో బయటికి వచ్చేసింది. 'ఉంటుంది' అన్నప్పుడు ఆ రోజును కలుపుకోవడం, 'ఉండదు, రాదు' అన్నప్పుడు ఆ రోజుతో కొత్త పరిస్థితి మొదలైందనుకోవడం మనకు అలవాటు.

మరి "15 వరకు సెలవు" అంటే? సెలవు ఉంటుందన్నమాట, కాబట్టి 15 కూడా సెలవే, 16న తెరుస్తారు. "15 వరకు ఆఫీసు ఉండదు" అంటే? ఉండదన్నారు కాబట్టి 15న తెరుస్తారు. చెప్పిన సంగతి ఒకటే, ఆఫీసు మూసి ఉందని. వాక్యం తిప్పి రాసేసరికి తెరిచే రోజు ఒకరోజు జరిగిపోయింది. ఇదేమీ వ్యాకరణ సూత్రం కాదు, అలవాటు మాత్రమే. చదివే పదిమందిలో ముగ్గురు వేరేలా అనుకుంటే వాళ్లను తప్పుపట్టలేం. టీచరుగారి ప్రకటనలో "ఉండదు"ను సాఫీగా ఉంటుందని "సెలవు" అని దిద్దడం ఏ ప్రూఫ్‌రీడరైనా చేసే పనే. దాంతో తాను తేదీ మార్చేశానని ఆ మనిషికి తెలియను కూడా తెలియదు.

కోర్టులు ఈ తలనొప్పిని గాలికి వదిలేయలేదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఉంది. కేంద్ర చట్టాల్లో 'ఫలానా రోజు నుంచి' అంటే ఆ మొదటి రోజును లెక్కలోంచి తీసేయాలని, 'ఫలానా రోజుకు' అంటే ఆ చివరి రోజును కలపాలని అది చెబుతుంది. ఆ ఒక్క రోజు ఎంత పని చేస్తుందో సాకేత్ ఇండియా కేసులో చూడొచ్చు. చెక్కు చెల్లలేదని పంపిన నోటీసు అవతలివారికి 1995 సెప్టెంబరు 29న అందింది. డబ్బు కట్టడానికి వాళ్లకు చట్టం 15 రోజులిస్తుంది. అందిన రోజు వదిలేసి లెక్కపెడితే అక్టోబరు 14తో ఆ గడువు తీరింది. 15న ఫిర్యాదుకు హక్కు పుట్టింది. అక్కణ్నుంచి నెలలోగా కోర్టుకు వెళ్లాలి. వాళ్లు నవంబరు 15న వెళ్లారు. అక్టోబరు 15ను కలిపి లెక్కపెడితే నెల నవంబరు 14తోనే అయిపోయింది, ఫిర్యాదు చెల్లదు. దాన్ని వదిలేసి లెక్కపెడితే సరిగ్గా ఆఖరి రోజున వచ్చినట్టు. 1999లో సుప్రీంకోర్టు ఆ రోజును వదిలేయాలనే చెప్పింది. ఫిర్యాదు నిలిచింది.

ఈ సెక్షన్ తెలిసింది కదా అని డాన్సు స్కూలు ప్రకటనకు దాన్ని అతికించకూడదు. చట్టాన్ని చదివే పద్ధతి అది, టీచరుగారి మనసులో మాట కాదు. అటునుంచి చూస్తే, వ్యాసంలో ఎవరైనా లీగల్ నోటీసునో సర్కారు ఉత్తర్వునో ఉటంకిస్తే అందులో 'నుంచి', 'లోపు', 'వరకు' అన్న మాటల జోలికి పోకూడదు. అక్కడ అర్థం తికమకగా ఉంటే ఆ సంగతి వ్యాసం రాసినవారికి చెప్పాలి. వివరణ ఇవ్వాలనుకుంటే ఉటంకింపు బయట వాళ్లే ఇచ్చుకుంటారు.

దిద్దుబాటు లెక్క ప్రకారం సరైనదే అయినా కొంప ముంచే చోటు ఇంకొకటుంది. అది పెళ్లి శుభలేఖ. ముహూర్తం శుక్రవారం రాత్రి 2.15 అని రాసుకొస్తారు. గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటితే శనివారమే. కానీ పంచాంగంలో వారం మారేది సూర్యోదయానికి. పురోహితుడికీ పెళ్లింటివాళ్లకూ అది శుక్రవారం రాత్రే. చదువుకున్న ప్రూఫ్‌రీడర్ ఎవరైనా దాన్ని "శనివారం 2.15" అని సరిచేశాడనుకోండి, క్యాలెండరు ప్రకారం తప్పు లేదు. చుట్టాలు మాత్రం శనివారం రాత్రి భోజనాల వేళకు దిగుతారు, అప్పటికి అప్పగింతలు కూడా అయిపోయి ఉంటాయి. దీనికి మన పెద్దవాళ్లు ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు. "శుక్రవారం రాత్రి 2.15 గంటలకు, తెల్లవారితే శనివారం" అని వేస్తారు. ఆ రెండు మాటలతో ఏ రాత్రో తేలిపోతుంది. రైలు టిక్కెట్లు తీసేవాళ్లు మాత్రం తేదీ మళ్లీ చూసుకోవాలి. రాత్రి 12.15కు బయల్దేరే బండికి టిక్కెట్టు తరవాతి తేదీ మీద ఉంటుంది. ఆ రాత్రి ఇంట్లోంచి బయల్దేరేది ముందు రోజే.

మరి ఎలా అడగాలి? కాగితపు ప్రూఫ్ మీదైతే అనుమానం వచ్చిన మాట కింద గీత గీసి, మార్జిన్‌లో ప్రశ్న రాసి, ఆ ప్రశ్న చుట్టూ గుండ్రంగా గీస్తాను. ఆ చుట్టు మరిచిపోతే ప్రశ్న కూడా కంపోజై అచ్చులోకి ఎక్కే ప్రమాదముంది. చుట్టు గీస్తే ఇది అచ్చు వేయాల్సింది కాదని లెక్క. కంప్యూటర్ ఫైలైతే కామెంట్ పెడతాను, వాక్యాన్ని ముట్టుకోను.

ప్రశ్న రాయడంలో కూడా పద్ధతుంది. "స్పష్టత లేదు" అని రాస్తే పని జరగదు. రాసినవారికి వాళ్ల వాక్యం స్పష్టంగానే కనబడుతుంది, ఎందుకంటే వాళ్ల బుర్రలో రెండో అర్థం లేదు. "బాగానే ఉంది కదండీ" అని తిరిగి పంపేస్తారు. అందుకే రెండు అర్థాలూ పక్కపక్కనే రాసి చూపిస్తాను. ఏదో ఒకటి టిక్కు పెడితే చాలు అన్నట్టుండాలి. టీచరుగారికి నేను రాసింది ఇది: "జూన్ 15 సోమవారం ఆఫీసు తెరుస్తారా, 16న తెరుస్తారా? ఫీజుకు ఆఖరి రోజు 18 గురువారమా, 19 శుక్రవారమా, ఎన్ని గంటల దాకా? సీనియర్ క్లాసులు వారానికి రెండా, రెండు వారాలకు ఒకటా?" వారం పేరు పక్కన తేదీ కావాలనే రాశాను. ఒక్కోసారి వారానికీ తేదీకీ పొంతన ఉండదు. అప్పుడు కూడా క్యాలెండరు చూసి నేనే ఒకదాన్ని మార్చకూడదు, వాళ్లు తప్పు రాసింది వారాన్నో తేదీనో నాకు తెలియదు కదా.

అన్నిచోట్లా ఇలా ఆపితే పత్రిక బయటికి రాదు. కథలో ఒక పాత్ర "నిన్నమొన్నటి దాకా బాగానే ఉన్నాడు" అంటే నేను తేదీ అడగను. సంపాదకీయంలో "కొంతకాలం వరకు" అంటే వదిలేస్తాను. ఆ మాటను నమ్మి ఎవరైనా డబ్బు కడతారా, బస్సెక్కుతారా, దరఖాస్తు పెడతారా అని చూసుకుంటాను. కట్టేదుంటే, ఎక్కేదుంటే ఆపుతాను. జవాబు వచ్చాక రెండో ప్రూఫ్‌లో అదే గడువు ఇంకెక్కడైనా ఉందేమో వెతుకుతాను. ప్రకటనలో 19 అని దిద్ది, వెనక పేజీ బాక్సులో 'శుక్రవారం లోపు' అనే వదిలేస్తే చేసిన పనంతా వృథా.

టీచరుగారు ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. "నేను రాసింది స్పష్టంగానే ఉందనుకున్నానండీ" అని మొదలుపెట్టి, మూడింటికీ జవాబు చెప్పారు. 15న ఆఫీసు తెరవరట, ఆ రోజు రాత్రికి గానీ ఆవిడ ఊరి నుంచి రారు. ఫీజుకు శుక్రవారం కూడా ఉంది, కానీ మధ్యాహ్నం ఒంటిగంట దాకానే, ఆ తరవాత బ్యాంకులో వేసేస్తారు. బైవీక్లీ అంటే రైలు లెక్కన వారానికి రెండుసార్లు అయి ఉంటుందని నేను అనుకున్నాను. కాదట. సీనియర్లు చాలామంది కాలేజీల కోసం వేరే ఊళ్లలో ఉంటారు, రెండు ఆదివారాలకోసారి వస్తారు. "వారానికి రెండుసార్లంటే వాళ్లెక్కడ రాగలరండీ?" అన్నారు.

రాసుకున్నదంతా ఆవిడకే మళ్లీ చదివి వినిపించి, సరేననిపించుకుని, కుర్రాణ్ని పిలిచాను. ప్రకటన ఇలా అచ్చయింది: "జూన్ 16, మంగళవారం నుంచి ఆఫీసు పని చేస్తుంది. ఫీజు కట్టడానికి ఆఖరి రోజు జూన్ 19, శుక్రవారం, మధ్యాహ్నం 1 గంట. జూలై నుంచి సీనియర్లకు రెండు వారాలకోసారి, ఆదివారం క్లాసు."